ఎంట్రెలాక్ అల్లిక, 4వ పాఠం: రెండో అంతస్తు, అంచు మీద ఎనిమిది కుట్లు

పోయిన పాఠంతో మన మఫ్లర్‌కి అడుగు త్రిభుజాలు నాలుగూ, వాటి మీద మొదటి అంతస్తూ అయిపోయాయి. ఈసారి రెండో అంతస్తు. ఇందులో పక్క త్రిభుజాలు ఉండవు, నాలుగూ చతురస్రాలే, అన్నీ వెనక వైపు నుంచే మొదలవుతాయి.

అల్లే ముందు మొదటి అంతస్తు చతురస్రం అంచుని ఒకసారి చూడండి. ముందు వైపు వరసల్లో మొదటి కుట్టుని అల్లకుండా జరిపేశాం కదా, అందుకే రెండు వరసలకి ఒకటి చొప్పున అక్కడ గొలుసు కన్నులు వచ్చాయి. 16 వరసలు, 8 కన్నులు. మనకి కావలసిందీ 8 కుట్లే కాబట్టి కన్నుకో కుట్టు. మధ్యలో, అంటే నాలుగో కన్ను తర్వాత, వేరే రంగు దారం ముక్క కట్టుకోండి. అక్కడికి నాలుగు, అక్కడినుంచి నాలుగు ఎత్తితే కుట్లు ఒక చివర గుంపుగా, ఇంకో చివర పలచగా పడవు.

వెనక వైపు మీకు ఎదురుగా, ఊలు ముందుకి ఉంచండి. కుడి సూదిని అవతలి నుంచి ఇవతలికి గుచ్చి, పర్ల్‌కి చుట్టినట్టే ఊలు చుట్టి, అవతలికి లాగండి. సూది కన్నులోని రెండు పోగుల కిందనుంచీ వెళ్ళాలి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. బయటి పోగు ఒక్కటే పట్టుకుంటే అది సాగిపోయి వరసగా చిల్లులు పడతాయి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వెంటనే తెలిసిపోతుంది. మొదటి చతురస్రానికి మాత్రం పక్క త్రిభుజం మీద మిగిలిన ఒక కుట్టుని లెక్కలోకి తీసుకుని ఏడే ఎత్తండి.

ఇక తిప్పి 8 నిట్. మళ్ళీ తిప్పి, మొదటి కుట్టు జరిపి, 6 పర్ల్ చేసి, చివరి కుట్టుని ఎడమ సూది మీద ఎదురుచూస్తున్న పక్క చతురస్రం కుట్టుతో కలిపి ఒకటిగా పర్ల్ చేయండి. ఈ రెండు వరసలూ ఎనిమిదిసార్లు చేస్తే పక్కవాటి కుట్లు ఎనిమిదీ అయిపోతాయి. అప్పుడు తిప్పకుండా, ఊలు తెంచకుండా, అలాగే పక్కనున్న అంచు మీద మళ్ళీ ఎత్తడం మొదలుపెట్టండి.

రెండు చతురస్రాలు కలిసే మూలలో, అంటే ఎత్తడం ముగిసే చోట, ఒక్కోసారి సందు మిగిలిపోతుంది. ఊలు బిగించి లాగితే ఆ మూల ముడుచుకుపోతుందే తప్ప సందు పూడదు. అక్కడే తొమ్మిదో కుట్టు ఎత్తేసి, తిప్పాక మొదటి రెండూ కలిపి నిట్ చేయండి, మళ్ళీ ఎనిమిదే అవుతాయి.

అంచులో కన్నులు 7 మాత్రమే కనిపిస్తే ఎక్కడో మొదటి కుట్టు జరపడం మర్చిపోయి అల్లేశారని అర్థం. ఆ చోట కన్నుకి బదులు రెండు చిన్న ముడులు కనిపిస్తాయి, వాటి మధ్య ఒక కుట్టు ఎత్తండి, విప్పక్కర్లేదు. కానీ కింది అంతస్తు కుట్టు ఒకటి సూది మీద మిగిలిపోయి కనిపిస్తే అది వేరే సంగతి, ఒక జత వరసలు తగ్గినట్టు. కొత్త చతురస్రం మొదలుపెట్టకముందే ఆ జత అల్లేయాలి.

అంతస్తు అయ్యాక సూది మీద 32 కుట్లు ఉండాలి. సరిపోతే తిప్పండి, మూడో అంతస్తు పక్క త్రిభుజంతో మొదలవుతుంది, అది 5వ పాఠంలో.