గుడ్లు పెట్టిన వారమే పిల్లలు వచ్చే వారం

ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు పెట్టిన రోజును ఒకటో రోజుగా లెక్కపెడితే తేదీలన్నీ ఒక రోజు ముందుకు జరిగిపోతాయి. దాన్ని సున్నాగా తీసుకోండి. 24 గంటలు నిండాకే ఒక రోజు.

మార్చి 1, శనివారం సాయంత్రం 6కి పెట్టారనుకుందాం. 7వ రోజు మార్చి 8, 14వ రోజు మార్చి 15, 21వ రోజు మార్చి 22. మూడూ శనివారాలే, క్యాలెండర్‌తో పనే లేదు. 18వ రోజు మాత్రం మార్చి 19, బుధవారం.

8న చీకటి గదిలో గుడ్డు లావు వైపు టార్చ్ ఆనించి చూడండి. నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిండం బతికున్నట్టే. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం ఒక్కటే ఉంటే చనిపోయింది, తీసేయండి. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది గొడ్డు గుడ్డు. గోధుమరంగు పెంకు మందంగా ఉండి సరిగా తెలియకపోతే తొందరపడి పారేయకండి, 11న మళ్లీ చూడండి. 15న లావు వైపు ఖాళీగా ఉండే గాలి గది తప్ప మిగతాది చాలావరకు నల్లగా ఉండాలి.

19న చివరిసారి చూసి, అప్పటిదాకా రోజూ చేసిన గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65-70 శాతానికి పెంచి మూత వేసేయండి. ఆపై మాటిమాటికీ తెరిస్తే తేమ పడిపోయి, లోపలి పొర ఎండి పిల్లకు చుట్టుకుపోతుంది.

ఫ్యాన్ ఉన్న మెషీన్‌లో 37.5 డిగ్రీలు ఉండాలి. కొంచెం తక్కువైతే పిల్లలు 23న, 24న రావచ్చు; ఎక్కువైతే 21నే మొదలవుతాయి. అందుకే 24 దాటేదాకా మిగిలిన గుడ్లు పారేయకండి.