టిఫిన్ సెంటర్ అడ్వాన్స్ కట్టే ముందు ప్లేట్లు లెక్కపెట్టండి

బెంగళూరులో షాపు అంటే పది నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు. కట్టాక బేరాల్లేకపోతే ఒకటే టెన్షన్. మారతహళ్ళిలో నేను చూసిన షాపుకి ముందు ఈ లెక్క వేశాను. అద్దె 30,000, ఇద్దరు పనివాళ్ళకి 36,000, గ్యాసు, కరెంటు 12,000. మొత్తం 78,000. నెలకి 26 రోజులనుకుంటే రోజుకి 3,000. యాభై రూపాయల ఇడ్లీ ప్లేటులో పిండి, చట్నీ, సాంబారు ఖర్చు పోను 30 మిగిలితే, రోజుకి వంద ప్లేట్లు అమ్మితేనే అసలుకి అసలు. మన కూలి ఇంకా కలపలేదు!

తర్వాత పక్కనున్న టిఫిన్ బండి ఎదురుగా టీ తాగుతూ ఉదయం ఏడు నుంచి పది దాకా ప్లేట్లు, పార్సిళ్ళు లెక్కపెట్టాను. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం. అందులో సగమే మనకొస్తాయనుకోవాలి. రెండొందలు దాటకపోతే ఆ షాపు వదిలేయడమే.

పీజీలున్న వీధిలో మాత్రం సంక్రాంతి, దసరా వారాల్లో లెక్కపెట్టకండి, అందరూ ఊళ్ళకెళ్ళిపోతారు.