ఫ్రెషర్ ఉద్యోగ వేట: రోజువారీ దరఖాస్తుల లెక్క, శనివారం ఫాలోఅప్ జాబితా ఎలా నడపాలి?

చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు దరఖాస్తులు పెట్టడంలో వెనకబడరు. పెట్టిన దరఖాస్తు ఏమైందో కనుక్కోవలసిన రోజున కనుక్కోకపోవడంలోనే వెనకబడతారు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ పని గురించే చెబుతాను. ఉదాహరణగా గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ, బీకాం పూర్తిచేసి టాలీ నేర్చుకుని, విజయవాడ, గుంటూరులలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోసం చూస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం.

కావలసినవి

గూగుల్ షీట్ ఒకటి, ఈమెయిల్, ఫోన్‌లో అలారం ఉంటే చాలు. నోటు పుస్తకం వద్దు, ఎందుకంటే అది తేదీలను తనంతట తాను లెక్కపెట్టదు. షీట్‌లో కింద ఉన్న ట్యాబ్‌కు Apps అని పేరు పెట్టి, A నుంచి G వరకు వరుసగా తేదీ, సంస్థ, ఉద్యోగం, మార్గం, లింకు లేదా ఫోన్, స్థితి, గుర్తుచేయవలసిన తేదీ అని రాసుకోవాలి. స్థితి గడిలో ప్రతిసారీ చేత్తో రాయకుండా డ్రాప్‌డౌన్ పెట్టుకోవాలి. పంపాను, గుర్తుచేశాను, పిలిచారు, ముగిసింది అనే నాలుగు మాటలు సరిపోతాయి.

రోజూ చేయవలసినది

ఉదయం పది గంటలకు ఒక అలారం, సాయంత్రం నాలుగింటికి మరొకటి పెట్టుకోవాలి. రోజుకు ఐదు దరఖాస్తులు, అంతకు మించి వద్దు. ఉద్యోగ ప్రకటన పూర్తిగా చదివి, రెజ్యూమె పై భాగాన్ని దానికి తగినట్టు మార్చి పంపినదానినే ఒకటిగా లెక్కపెట్టాలి. నౌక్రీలో వరుసగా బటన్ నొక్కుతూ పోయి యాభై పెట్టానని చెప్పేవారికి, మరుసటి వారం ఫోన్ వస్తే అది ఏ సంస్థ నుంచో కూడా గుర్తుండదు. ఆటోనగర్ లాంటి చోటికి స్వయంగా వెళ్లి రెజ్యూమె ఇచ్చి వస్తే దానినీ ఒకటిగా రాసుకోవాలి. రిజిస్ట్రేషన్ రుసుమో డిపాజిటో అడిగిన సంస్థ ఈ షీట్‌లోకి రానే కూడదు.

J1 గడిలో ఈ సూత్రం ఉంచితే ఆ రోజు లెక్క కనిపిస్తుంది:

```
=COUNTIF(A:A,TODAY())
```

నాలుగింటి అలారం మోగగానే ఈ గడి చూడాలి. మూడుకన్నా తక్కువ ఉంటే ఆ సాయంత్రం వేరే పని పెట్టుకోకూడదు.

అందరూ తప్పు చేసే చోటు: తేదీలు

ఇక్కడ తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను. కొత్త షీట్ చాలాసార్లు అమెరికా పద్ధతిలో తెరుచుకుంటుంది, అంటే ముందు నెల, తర్వాత రోజు. మన అమ్మాయి 2025 జూన్ 9న పెట్టిన దరఖాస్తుకు 09/06/2025 అని రాస్తే, షీట్ దానిని సెప్టెంబరు 6గా తీసుకుంటుంది. తప్పు అని ఎక్కడా చూపించదు, గుర్తుచేయవలసిన తేదీని మాత్రం సెప్టెంబరు 16కు తోసేస్తుంది. అదే 13/06/2025 అని రాస్తే, పదమూడో నెల లేదు కనుక దానిని తేదీగా కాక మామూలు అక్షరాలుగా ఉంచుతుంది. రోజు లెక్కలోకి అది రాదు.

రెండో తప్పును కంటితోనే పట్టుకోవచ్చు: నిజమైన తేదీ గడిలో కుడివైపు ఆనుకుని ఉంటుంది, అక్షరాలుగా మిగిలినది ఎడమవైపు ఉంటుంది. మొదటి తప్పు అలా కనిపించదు. కాబట్టి ఒక్క అక్షరం కూడా రాయకముందే File > Settings లోకి వెళ్లి Locale దగ్గర India ఎంచుకోవాలి. ముందే కొన్ని తేదీలు రాసి ఉంటే, ఈ మార్పు వాటిని సరిచేయదు. వాటిని చెరిపి మళ్లీ రాయవలసిందే. కంప్యూటర్ మీద పనిచేసేవారు Ctrl+; నొక్కితే ఆ రోజు తేదీ తప్పు లేకుండా పడుతుంది.

ఆ తర్వాత G2లో ఇది రాసి కిందికి లాగాలి:

```
=IF(A2="","",WORKDAY(A2,7))
```

శని, ఆదివారాలు వదిలేసి ఏడు పనిదినాలు లెక్కపెట్టి తేదీ ఇస్తుంది. మూడు రోజులకే ఫోన్ చేస్తే అవతలివారు రెజ్యూమె తెరిచి కూడా ఉండరు, నెల దాటితే ఆ ఖాళీయే ఉండదు. ఏడు పనిదినాలే సరైన గడువు.

శనివారం సారాంశం

శనివారం సాయంత్రమే ఈ పనికి కూర్చోవాలి, ఆదివారానికి వాయిదా వేయకూడదు. అదే ఫైలులో ఇంకో ట్యాబ్ తెరిచి ఇది ఉంచాలి:

```
=IFERROR(FILTER(Apps!A2:G,Apps!F2:F="పంపాను",Apps!G2:G<=TODAY()+6),"ఏమీ లేవు")
```

వచ్చే శుక్రవారం లోపు ఎవరెవరికి గుర్తుచేయాలో వరుసగా వస్తుంది. జూన్ 14 శనివారం నాడు మన అమ్మాయి జాబితాలో 9న పంపిన దరఖాస్తు ఉంటుంది. దానికి ఎదురుగా జూన్ 18 బుధవారం అని తేదీ కనిపిస్తుంది. అయితే ఆ రోజున ఫోన్ చేయకూడదు. అకౌంట్స్ విభాగంవారికి జీఎస్టీ నెలవారీ రిటర్నులకు 11, 20 తేదీలు గడువులు. జీఎస్టీఆర్-1 మొదటిదానికి, 3బి రెండోదానికి దాఖలు చేయాలి. ఆ రోజుల ముందు ఆడిటర్ కార్యాలయంలోకి ఉద్యోగం గురించి ఫోన్ వెళ్తే విసుక్కుని పెట్టేస్తారు. అందువల్ల G గడిలో సూత్రం చెరిపి, 23/06/2025 అని సోమవారం తేదీ రాసుకోవాలి. అప్పుడు అది 21వ తేదీ శనివారం జాబితాలో మళ్లీ వస్తుంది. షీట్ సెలవులనూ గడువులనూ ఎరగదు, వాటిని చూసుకోవలసింది మనిషే. వేరే రంగంవారు తమ రంగంలో పని ఒత్తిడి ఎప్పుడుంటుందో ఇలాగే చూసుకోవాలి.

ఈమెయిల్‌లో పంపినదానికి అదే ఈమెయిల్‌కు జవాబుగా రాయాలి, కొత్తది మొదలుపెట్టకూడదు. పాతది కింద ఉంటే వారు రెజ్యూమె వెతుక్కోనవసరం ఉండదు. స్వయంగా వెళ్లి ఇచ్చిన స్థానిక సంస్థకైతే ఫోనే నయం. ఉదయం పదకొండు, పన్నెండున్నర మధ్య చేసి, "నమస్కారమండీ, అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఈ నెల తొమ్మిదిన రెజ్యూమె ఇచ్చాను. మాది గుంటూరేనండీ, టాలీ వచ్చు. ఇంకా ఎవరినైనా తీసుకుంటున్నారా అండీ?" అని అడిగితే చాలు. "నా దరఖాస్తు ఏమైంది?" అని అడిగితే, చూసి చెబుతాం అనే మాట తప్ప ఇంకేమీ రాదు. ఎంపిక అయిపోయిందా లేదా అని తేల్చే ప్రశ్నకు మాత్రం సమాధానం వస్తుంది.

గుర్తుచేయడం ఒక్కసారే. చేసిన వెంటనే స్థితిని గుర్తుచేశానుగా మార్చాలి, లేకపోతే అదే పేరు వచ్చే శనివారం మళ్లీ వచ్చి రెండోసారి ఫోన్ చేయిస్తుంది. రెండు వారాలు గడిచినా కబురు రాకపోతే ముగిసిందని మార్చాలి.

చివరగా, మార్గాలవారీగా లెక్క చూసుకోవాలి. ఇక్కడ చాలామంది ఈ వారం వచ్చిన జవాబులను ఈ వారం పెట్టిన దరఖాస్తులతో పోల్చి నిరాశపడతారు. ఈ వారం వచ్చిన ఫోన్ రెండు వారాల కిందటి దరఖాస్తుదై ఉంటుంది. కాబట్టి ఫోన్ వచ్చిన వరుసలో D గడి చూసి, అది నౌక్రీ నుంచా, ఈమెయిల్ నుంచా, నేరుగా వెళ్లి ఇచ్చినదా రాసుకోవాలి. మన అమ్మాయికి రెండు వారాల కిందట పెట్టిన ముప్పైలో నౌక్రీవి ఇరవై, స్వయంగా ఇచ్చినవి పది అనుకుందాం. వచ్చిన మూడు ఫోన్లూ ఆ పదిలోంచే వస్తే, సోమవారం నుంచి రోజుకు మూడు నేరుగా, రెండు నౌక్రీలో పెట్టాలి. ఒక్క వారం ఫలితం చూసి నౌక్రీని పూర్తిగా మానకూడదు. ఇదే తీరు వరుసగా నాలుగు శనివారాలు కనిపిస్తే అప్పుడు మానవచ్చు.