బాండ్ కొనే ముందు రేటింగ్ రిపోర్టులో ఇవి చూసుకోండి

- రేటింగ్ అంటే అప్పు తీర్చే సత్తాకు రేటింగ్ ఏజెన్సీ ఇచ్చే గ్రేడ్. అది ఏ అప్పుకు ఇచ్చారో ముందు చూడండి. కంపెనీకి BBB- ఉన్నా, తీర్చే వరుసలో వెనక ఉండే సబార్డినేటెడ్ బాండ్‌కు అంతకంటే తక్కువ ఉండొచ్చు. కంపెనీ దివాలా తీస్తే బాండ్లు కొన్నవాళ్లలో ఎక్కువ నష్టపోయేది వీటిని కొన్నవాళ్లే.

- అవుట్‌లుక్ నెగెటివ్ అంటే రేటింగ్ తగ్గించేశారని కాదు, ఏడాది రెండేళ్లలో తగ్గించవచ్చని. BBB- దగ్గర దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క మెట్టు దిగితే BB+, ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్, అంటే రిస్క్ తక్కువని లెక్కేసే స్థాయి, పోయినట్టే. అప్పుడు ఆ గ్రేడ్ లేని బాండ్లు ఉంచుకోకూడని చాలా ఫండ్లు అమ్మేస్తాయి, ధర పడిపోవచ్చు.

- రేటింగ్ ఎప్పుడు తగ్గిస్తారో చెప్పే పేరా వదలకండి. వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభానికి అప్పు 4 రెట్లు దాటితే తగ్గిస్తామని రాసి, తాజా లెక్క 3.8 ఉందనుకోండి, ఇక మిగిలిన వెసులుబాటు కొంచెమే.

- రిపోర్టు తేదీ. ఆ తర్వాత కొత్త అప్పు చేసి ఉంటే పై లెక్క మారిపోతుంది.