చేప మందుతోనే ఉబ్బసం తగ్గిందా? ఎలా తేల్చాలి?

ఏటా మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచుతుంది. బతికున్న చిన్న కొరమీను నోట్లో పసుపు రంగు మందు ముద్ద పెట్టి, ఆ చేపను రోగి గొంతులోకి జారవిడుస్తారు. మా పిన్ని ఓ ఏడాది వేయించుకొచ్చి, "రెండు నెలలుగా పిల్లికూతలు లేవురా, హాయిగా నిద్రపోతున్నా" అంది. ఆమె హాయిగా నిద్రపోయిన మాట నిజం. అది మందు వల్లేనా అన్నదే తేలాలి. తేల్చాలంటే పరీక్ష ఎలా పెట్టాలో చూద్దాం.

1. ఏం కొలుస్తారో ముందే రాసుకోండి. "బాగుంది" అంటే చాలదు. వారంలో ఎన్ని రాత్రులు దగ్గుతో లేచారు, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడారు, గట్టిగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చింది. ఈ చివరిది స్పైరోమీటర్ చెబుతుంది.

2. మందు వేయని గుంపును పెట్టండి. దీన్నే కంట్రోల్ గ్రూప్ అంటారు. ఉబ్బసం ఒక్క తీరుగా ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఇబ్బంది పడుతున్నప్పుడే మనం మందు కోసం పరుగెత్తుతాం, కాబట్టి ఏమీ చేయకపోయినా ఆ తర్వాత కొంత నెమ్మదించే అవకాశం ఎక్కువ. పైగా జూన్‌లో వాతావరణం మారిపోతుంది. ఇవన్నీ రెండు గుంపులకూ సమానమే కనుక, తేడా కనిపిస్తే ఆ నెపం వీటి మీద వేయలేం.

ఎవరు ఏ గుంపో చీటీలు తీసి నిర్ణయించాలి. ఇష్టానికి వదిలేస్తే, గంటల తరబడి వరసలో నిలబడే ఓపిక ఉన్నవాళ్లే మందు గుంపులో చేరతారు. వాళ్ల జబ్బు మొదటినుంచీ తేలికదై ఉండొచ్చు.

3. ఉత్తుత్తి మందు గుంపును చేర్చండి. చేప మింగినవారికి మందుతోపాటు నమ్మకం, ఆశ, పదిమంది చూపిన శ్రద్ధ కూడా దక్కాయి. వాటిని వేరుచేసేదే ప్లసీబో. 300 మంది ఉన్నారనుకుందాం. వందమందికి అసలు ముద్ద పెట్టిన కొరమీను, వందమందికి అదే సైజు కొరమీనులో అదే రంగు, వాసన ఉన్న మూలికలు లేని ముద్ద, మిగతా వందమందికి ఏమీ లేదు. పథ్యం చెబితే మూడు గుంపులకూ చెప్పాలి. ఎవరూ తమ ఇన్‌హేలర్లు మానకూడదు. ఒక చిక్కుంది: ఇలా చేస్తే ముద్దలోని మూలికల సంగతే తేలుతుంది. బతికున్న చేపే గొంతు శుభ్రం చేస్తుందని వాదిస్తే, దానికి వేరే పోలిక కావాలి.

ఏమీ ఇవ్వని మూడో గుంపు దండగ కాదని 2011లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం చూపింది. 39 మంది ఉబ్బసం రోగులకు వేర్వేరు రోజుల్లో అసలు ఇన్‌హేలర్, మందు లేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. ఎంత నయమనిపించిందని అడిగితే అసలు ఇన్‌హేలర్‌కు 50 శాతం, ఉత్తుత్తి వాటికి 45, 46 శాతం అన్నారు. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతమే. కానీ మొదటి సెకను గాలి అసలు మందుతో 20 శాతం పెరిగితే, మిగతా మూడింటితో 7 శాతం చొప్పునే పెరిగింది. అంటే హాయి అనిపించడం నిజమే అయినా, ఊపిరితిత్తులు అంతగా తెరుచుకోలేదు. ఈ తేడా నాకు భయం కలిగిస్తుంది. హాయిగా ఉందని ఇన్‌హేలర్ పక్కన పడేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

4. కళ్లకు గంతలు కట్టండి. బ్లైండింగ్ అంటే ఎవరికి ఏది అందిందో రోగికీ, వేసేవారికీ, కొలిచేవారికీ తెలియకపోవడం. చేపలకు నంబర్లిచ్చి, ఆ జాబితాను ఆ ఆవరణలో లేని మనిషి దగ్గర సీలు వేసి ఉంచాలి. ఏమీ ఇవ్వని గుంపులో రోగికి ఎలాగూ తెలిసిపోతుంది, కానీ కొలిచేవారికి తెలియకూడదు.

యంత్రం కొలుస్తుంది కదా, దాచడమెందుకు అనిపిస్తుంది. స్పైరోమీటర్ అంకె ఎంత బలంగా ఊదారన్న దాన్ని బట్టి మారుతుంది. ఈమెకు అసలు మందు పడిందని టెక్నీషియన్‌కు తెలిస్తే, తెలియకుండానే "ఇంకా ఊదమ్మా, ఇంకా, ఇంకా" అంటాడు. అవతలి గుంపు మనిషితో "సరే, చాలు" అంటాడు. అలా మందుతో పనిలేకుండానే తేడా పుట్టుకొస్తుంది.

గంతలు నిలిచాయో లేదో చూడటానికి, ముద్ద మింగినవాళ్లను రెండు మూడు రోజుల్లోపే "మీకు పడింది అసలుదా, ఉత్తుత్తిదా?" అని అడగండి. సగం మందికి దగ్గరగా సరిగ్గా చెబితే ఊహించారన్నమాట. ఎనభై శాతం సరిగ్గా చెబితే రుచో వాసనో గుట్టు విప్పేసింది. నెలలు గడిచాక అడిగితే లాభంలేదు, గుణం కనిపించడం వల్లే కనిపెట్టి ఉండొచ్చు.

పిన్ని ఈసారి మే మొదటివారం నుంచే నోటుబుక్కులో రాత్రి లేచిన లెక్క, ఇన్‌హేలర్ లెక్క రాస్తోంది. పక్కన పోల్చే గుంపు లేదు కనుక అది పరీక్ష కాదు. అయినా చేపకు ముందే లెక్క తగ్గడం మొదలైందా అన్నది మాత్రం ఆ పేజీలు చెబుతాయి.