రొయ్యల ప్లాంటులో వాటాకి చెక్కు రాసేముందు టెర్మినల్ వాల్యూ దగ్గర జాగ్రత్త

ఎండాకాలం పంట మొదలయ్యేముందు మా కావలి, అల్లూరు, విడవలూరు వైపు ఒక మాట బాగా తిరుగుద్ది, ఫలానా ప్రాసెసింగ్ ప్లాంటులో వాటా ఇస్తున్నారంట, నలుగురం కలిసి తీసుకుందామా అని. నేను చెరువులవాళ్లకీ ఐస్ ప్లాంట్లకీ లెక్కలు చూస్తా ఉంటా. ఈసారి మా మేనబావ ఒక ఎక్సెల్ ఫైల్ తెచ్చి ముందు పెట్టాడు. ప్లాంటు విలువ 125 కోట్లు, టర్మ్ లోన్ 18 కోట్లు తీసేస్తే 107, అందులో పావలా వాటా 27 కోట్లు అని ఉంది. ఫైల్ నీట్‌గానే ఉంది, ఫార్ములా ఎక్కడా విరగలేదు, అయినా ఆ రేటుకి కొనుంటే నలుగురూ మునిగేవాళ్లు. అందుకే మీ దగ్గరికి ఇలాంటి ఫైల్ వస్తే ఏ సెల్ ముందు చూడాలో రాస్తున్నా.

ముందు ఒక పని చేయండి, మొత్తం విలువలో ఐదేళ్ల క్యాష్ ఎంత, ఆ తర్వాతి కాలానిది ఎంత అని విడగొట్టండి. బావ ఫైల్లో ఐదేళ్ల ఎఫ్‌సీఎఫ్ఎఫ్, అంటే వడ్డీ కట్టకముందు కంపెనీ మొత్తానికి మిగిలే క్యాష్, వరసగా 4, 6, 7, 8, 14 కోట్లు. 13 శాతం వాక్‌తో, అంటే అప్పుకీ వాటాదారుల డబ్బుకీ కలిపి సగటున పడే ఖర్చుతో, ఈరోజు విలువకి తెస్తే ఐదేళ్లకీ కలిపి 25.6 కోట్లే. మిగతా దాదాపు 100 కోట్లూ టెర్మినల్ వాల్యూనే, అంటే ఐదేళ్ల తర్వాత వచ్చే క్యాష్ మొత్తానికీ వేసిన విలువ. ప్రతి 5 రూపాయల్లో 4 రూపాయలు ఆరో ఏడు నుంచి వచ్చే డబ్బు మీద నిలబడ్డాయి. ఇది తప్పేం కాదు, ప్లాంటు ఐదేళ్లకి మూతపడదు కదా. కాకపోతే మనవాళ్లు రెండో ఏడు 30 కౌంట్ రొయ్య రేటు ఎంత ఉంటుందని రెండు రోజులు వాదించుకుని ఈ సెల్‌ని మాత్రం అడగరు, అక్కడే దెబ్బ తింటారు.

ఇప్పుడు ఐదో ఏడు చూడండి. 8 నుంచి ఒక్కసారిగా 14 అయింది. ఎందుకు అని విప్పితే ఎబిట్డా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, 20 కోట్లు, తరుగుదల 4, పోగా ఎబిట్ 16, పన్ను సుమారు 25 శాతం తీస్తే 12. దీన్ని నోప్యాట్ అంటారు. తరుగుదల క్యాష్‌గా పోదు కాబట్టి 4 తిరిగి కలిపారు, 16 అయింది. క్యాపెక్స్‌కి, అంటే మెషిన్లు కొనడానికీ మార్చడానికీ 1, వర్కింగ్ క్యాపిటల్‌కి 1 తీశారు, 14 మిగిలింది. లెక్క కరెక్టే, కానీ ఏటా 4 కోట్లు అరిగిపోయే ప్లాంటుకి 1 కోటి ఖర్చు పెడితే ఎన్నేళ్లు నడుస్తుంది? సముద్రం గాలికి ఇనుం ఎట్ట తింటదో ఈ తీరంలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, అమ్మోనియా కంప్రెషర్లు, ఫ్రీజర్ కాయిల్స్, కోల్డ్ స్టోర్ ప్యానెల్స్ అన్నీ మార్చుకుంటా పోవాల్సిందే. ఒక ఏడాది క్యాపెక్స్ తగ్గడం మామూలే, కానీ ఆ తగ్గిన ఏడాదినే తీసుకుని కలకాలం అలానే ఉంటుందని ఫార్ములాలో పెట్టేస్తే ఆ 3 కోట్ల తేడా టెర్మినల్ వాల్యూలో పది రెట్లకి పైగా పెరిగి కూర్చుంటుంది.

వాళ్లు వాడింది అందరికీ తెలిసిన పర్పెచువల్ గ్రోత్ ఫార్ములా. 14 కోట్లు ఏటా 5 శాతం పెరుగుతా పోతుందని పెట్టారు. వచ్చేది ఐదో ఏటి చివరి విలువ, దాన్ని ఈరోజుకి తెస్తేనే పైన చెప్పిన 100 అవుద్ది:

```
TV = 14 × 1.05 / (0.13 − 0.05) = 183.75
```

ఇందులో 5ని 6 చేసి చూడండి, 212 అవుద్ది. ఒక్క శాతానికి 28 కోట్లు పెరిగింది, కొత్త ఫ్రీజర్ ఒక్కటి కొనలేదు, ఒక్క కంటైనర్ ఎక్కువ పంపలేదు. గ్రోత్ ఊరికే రాదబ్బా. ఎక్కువ సరుకు ప్యాక్ చేయాలంటే ఎక్కువ ఫ్రీజింగ్ కావాలి, రైతుకి డబ్బు ముందు కట్టాలి, బయటి దేశం బయ్యర్ దగ్గర్నుంచి వచ్చేదాకా నెలలు ఆగాలి, ఆ మధ్యలో ఇరుక్కునే డబ్బంతా పెట్టుబడే. ఎంత పెట్టుబడి కావాలో తెలియాలంటే ఆర్ఓఐసీ, అంటే పెట్టిన డబ్బు మీద ఏటా వచ్చే రాబడి శాతం చూడాలి. ఈ ప్లాంటులో ఐదో ఏటికి పెట్టి ఉండే డబ్బు, మెషినరీ, వర్కింగ్ క్యాపిటల్ అంతా కలిపి 80 కోట్లు, దాని మీద నోప్యాట్ 12, అంటే 15 శాతం. కొత్తగా పెట్టే డబ్బు కూడా అంతే సంపాదిస్తుందనుకుంటే 5 శాతం పెరగాలన్నా నోప్యాట్‌లో మూడో వంతు తిరిగి లోపలికే పోవాలి. కాబట్టి గ్రోత్‌ని g అనుకుని, ఆరో ఏటి నోప్యాట్ 12.6తో ఫార్ములా ఇట్ట రాయండి:

```
TV = NOPAT6 × (1 − g/ROIC) / (WACC − g)
   = 12.6 × (1 − 0.05/0.15) / (0.13 − 0.05)
   = 8.4 / 0.08 = 105
```

183 కాస్తా 105 అయింది. ఇప్పుడు గ్రోత్ 5ని 6 చేస్తే 109, అసలు సున్నా పెట్టినా 92. అంటే గ్రోత్ నంబర్ మీద కొట్లాట చాలావరకు పోయింది. 15 శాతం సంపాదించే వ్యాపారానికి 13 శాతం ఖర్చయ్యే డబ్బు తెచ్చి పెంచితే మిగిలేది ఆ 2 శాతం తేడానే కదా, విలువ కూడా ఆ మేరకే పెరుగుద్ది. మీ ఫైల్లో గ్రోత్ ఒక్క శాతం కదిపితే విలువ ఎగిరి గంతేస్తుంటే పెట్టుబడిని దానితోపాటు కదపలేదని అర్థం. g విషయంలో ఇంకొకటి, క్యాష్ ఫ్లోలు ధరల పెరుగుదల కలిపిన రూపాయల్లో ఉంటే g, వాక్ రెండూ అట్టే ఉండాలి, ఇక g ఎట్టి పరిస్థితుల్లోనూ పదేళ్ల ప్రభుత్వ బాండ్ రేటు దాటనివ్వకండి.

నేను ఇది చెప్తే అమ్మేవాళ్ల తరఫు అతను రెండో షీట్ తీశాడు. "అన్నా, ఫార్ములా మీద నమ్మకం లేకపోతే ఎగ్జిట్ మల్టిపుల్‌తో కూడా చేశాం చూడండి, 20 కోట్ల ఎబిట్డాకి 8 రెట్లు, 160 కోట్లు, రెండూ దగ్గర్లోనే ఉండాయి కదా" అన్నాడు. బావ నా వైపు చూశాడు, అప్పటిదాకా నాతో ఉన్నోడు అక్కడ మెత్తబడ్డాడు. నిజమే, రెండు దారుల్లో వచ్చిన నంబర్లు దగ్గరగా ఉంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ ఎబిట్డా అనేది క్యాపెక్స్‌నీ వర్కింగ్ క్యాపిటల్‌నీ అసలు చూడదు, మొదటి షీట్ కూడా వాటిని దాదాపు చూడలేదు, అందుకే రెండూ కలిశాయి.

మల్టిపుల్‌ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, అది ఎంత గ్రోత్‌ని లోపల దాచుకుందో బయటికి లాగడం. మామూలుగా చేసేది ఇది:

```
g = (TV × WACC − FCFF) / (TV + FCFF)
  = (160 × 0.13 − 14) / (160 + 14) = 3.9%
```

3.9 శాతం చూస్తే బాగానే ఉందనిపిస్తుంది, ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగకండి. ఆ 14 సరైంది కాదని తేలింది కదా, కాబట్టి పైన ఆర్ఓఐసీ పెట్టి రాసిన ఫార్ములాలో టీవీ 160 వచ్చేదాకా g పెంచుకుంటా పోండి, ఎక్సెల్లో గోల్ సీక్ చేసి పెడుద్ది. నాకు 10.5 శాతం దగ్గర ఆగింది. అంటే ఈ ప్లాంటు ఏటా పదిన్నర శాతం చొప్పున ఎప్పటికీ పెరిగితేనే 8 రెట్లు న్యాయం. ఎదురు నుంచి కూడా చూడొచ్చు, 105ని 20తో భాగిస్తే 5.25 రెట్లు వస్తుంది, ఆ 5.25కీ 8కీ మధ్య తేడా దేనికి ఇస్తున్నామో అమ్మేవాళ్లు చెప్పగలగాలి.

8 ఎక్కడిది అని అడిగితే లిస్టెడ్ కంపెనీల సగటు అన్నారు. వాటిలో మేత అమ్మేవి ఉండాయి, నాలుగైదు దేశాలకి పంపేవి ఉండాయి, ఆ షేర్లు ఈరోజు అమ్మితే ఈరోజే డబ్బు. మనది ఒక్క ప్లాంటు, ఎక్కువ సరుకు అమెరికాకే, వాటా అమ్మాలంటే మనిషిని వెతుక్కోవాలి. పైగా అది ఇప్పటి మార్కెట్ మూడ్‌తో వచ్చిన రేటు, మనం వాడేది ఐదేళ్ల తర్వాత. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీద రేటు ఏమైందో మనందరం చూశాం, ఆ వారం తీసిన మల్టిపుల్, అంతకుముందు ఏడు తీసిన మల్టిపుల్ ఒకటి అవుతాయా? మల్టిపుల్ వాడకూడదని నేను అనను, లిస్ట్ కాని ప్లాంట్లు నిజంగా చేతులు మారిన రేట్లు దొరికితే అది మంచి సాక్ష్యం, కానీ అది గ్రోత్ లెక్కని ప్రశ్నించడానికి వాడాలి, దానికి బదులుగా కాదు.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఆ 20 కోట్లలోనే ఉంది. ఐదో ఏడు అమ్మకం 250 కోట్లు, మార్జిన్ 8 శాతం పెట్టారు. పాత బ్యాలెన్స్ షీట్లు ఏడేళ్లవి తెప్పించి చూస్తే సగటు 6 శాతం, 8 వచ్చింది ఒక్క మంచి ఏడులోనే. వైట్ స్పాట్ జబ్బు వచ్చి సరుకు తగ్గిన ఏడూ, రేటు పడిన ఏడూ అన్నీ ఆ సగటులో ఉంటాయి, టెర్మినల్ ఏడుకి అదే పెట్టాలి. 6 శాతమైతే ఎబిట్డా 15, ఎబిట్ 11, నోప్యాట్ 8.25, ఆర్ఓఐసీ 10.3 శాతానికి దిగింది, అంటే వాక్ 13 కంటే కింద. ఇప్పుడు పై ఫార్ములాలో g సున్నా పెడితే 63 కోట్లు, 5 పెడితే 56. గ్రోత్ పెంచితే విలువ తగ్గింది! బావకి ఇది నమ్మబుద్ధి కాలేదు, మూడుసార్లు వేసి చూపించా. 13కి డబ్బు తెచ్చి 10కి పనిచేయిస్తే ఎంత పెంచితే అంత నష్టం, ఆ పరిస్థితిలో విస్తరణ ప్లాన్ చూపించి ఎక్కువ రేటు అడిగితే ఒప్పుకోకూడదు.

ఒంగోలు వైపు వాళ్లకి ఒక మాట, చీమకుర్తి గ్రానైట్ క్వారీకి ఇదే ఫైల్ కాపీ కొట్టకండి. లీజుకి గడువుంది, రాయికి అడుగుంది. అక్కడ కలకాలం గ్రోత్ ఫార్ములా పెట్టనే కూడదు, రాయి ఉన్నన్నేళ్లూ ఏడేడుకీ లెక్క వేసి చివర్లో మెషిన్లు అమ్మితే వచ్చేది, వర్కింగ్ క్యాపిటల్ తిరిగొచ్చేది కలిపి, గుంట పూడ్చే ఖర్చు తీసేయాలి.

చివరిగా అప్పు. ఎఫ్‌సీఎఫ్ఎఫ్‌ని వాక్‌తో డిస్కౌంట్ చేస్తే వచ్చేది అప్పులవాళ్లకీ వాటాదారులకీ కలిపిన విలువ. కాబట్టి క్యాష్ ఫ్లోలో వడ్డీ తీయకూడదు, వడ్డీ వల్ల మిగిలే పన్ను వాక్‌లోనే ఉంటుంది కాబట్టి పన్ను ఎబిట్ మీదే వేయాలి, ఆఖరికి మాత్రం అప్పు మొత్తం తీసేయాలి. బావ ఫైల్లో టర్మ్ లోన్ 18 మాత్రమే తీశారు, ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతి సరుకు కోసం బ్యాంక్ ఇచ్చే లోన్ ఇంకో 22 కోట్లు ఉంది. అది రోజూ తిరిగే లోనే అని వదిలేశామన్నారు, తిరిగినా అది బాకీయే, వర్కింగ్ క్యాపిటల్‌ని ఆస్తిలో లెక్కేసుకుని దానికి తెచ్చిన అప్పుని వదిలేస్తే ఎట్ట?

వాళ్ల 8 శాతం మార్జిన్‌నే ఒప్పుకుని, నోప్యాట్ 12లో మూడో వంతు పెట్టుబడికి పోతుంది కాబట్టి ఐదో ఏడు క్యాష్‌ని 8కి దించి, టెర్మినల్ 105 పెడితే ఈరోజు విలువ 79 కోట్లు, అప్పు 40 తీస్తే 39, పావలా వాటా 10 కోట్లకి కాస్త తక్కువ. 27 అడిగిన దానికి ఇది. బావావాళ్లు 9 కోట్లు చెప్పి, ప్యాకింగ్ క్రెడిట్ స్టేట్‌మెంట్, ఏడేళ్ల క్యాపెక్స్ బిల్లులు చూపిస్తేనే మళ్లీ కూర్చుంటామని చెప్పి వచ్చారు. బిల్లులు ఇంకా రాలేదు, అడ్వాన్స్ ఇవ్వలేదు.