ఓవర్‌హెడ్ వేరియన్స్‌లో 2,400 తేడా ఎక్కడిది?

రెండు వేరియన్స్‌ల పద్ధతిలో మొత్తం 11,000 ప్రతికూలం. అదే డేటాకు మూడు వేరియన్స్‌లు కడితే 13,400 వచ్చింది.

డేటా: స్థిర ఓవర్‌హెడ్ బడ్జెట్ రూ. 60,000, సాధారణ సామర్థ్యం 10,000 గంటలు, అంటే గంటకు 6. చర ఓవర్‌హెడ్ గంటకు 5. ఉత్పత్తికి ప్రామాణిక గంటలు 9,000, నిజంగా పట్టినవి 9,400. అసలు ఖర్చు 1,10,000. ఉత్పత్తికి వేసినది 9,000 × 11 = 99,000.

రెండింటి పద్ధతిలో 9,000 గంటల బడ్జెట్ 1,05,000. అసలు ఖర్చుతో దీని తేడా, నియంత్రించదగిన వేరియన్స్, 5,000; ఉత్పత్తికి వేసినదానితో తేడా, వాల్యూమ్ వేరియన్స్, 6,000.

మూడింటికి 9,400 గంటల బడ్జెట్ కూడా కావాలి: 1,07,000. దాంతో ఖర్చు వేరియన్స్ 3,000 తేలుతుంది. తప్పు దీని తర్వాతే జరిగింది. గంటలు ఎక్కువ పట్టినందుకు వచ్చే దక్షత వేరియన్స్‌ను 400 × 11 = 4,400గా కట్టి, పక్కన పాత వాల్యూమ్ 6,000నే ఉంచాను. అదనపు 400 గంటల స్థిర భాగం, 400 × 6 = 2,400, రెండుసార్లు పడింది.

సరిదిద్దడానికి రెండు దారులు. దక్షత వేరియన్స్‌ను చర రేటుతోనే, 400 × 5 = 2,000గా కడితే వాల్యూమ్ 6,000 అలాగే ఉంటుంది; 3,000, 2,000 కలిపితే పాత 5,000 వచ్చేస్తుంది. నాకు ఇదే నచ్చుతుంది. పూర్తి రేటే వాడాలంటే వాల్యూమ్ తీసేసి, ఖాళీ సామర్థ్యం (10,000 − 9,400) × 6 = 3,600 పెట్టాలి. 3,000 + 4,400 + 3,600, మళ్లీ 11,000.